గేమింగ్ ల్యాప్‌టాప్‌కు తక్కువ వాట్ల అడాప్టర్ పెడితే ఎందుకు స్లో అవుతుంది, బ్యాటరీ ఎందుకు దిగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో చదువుకునే పిల్లలు దసరాకో సంక్రాంతికో నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు ఇంటికి వచ్చినప్పుడు మా సర్వీస్ షాపుకు ఒకే రకం కంప్లైంట్ ఎక్కువగా వస్తుంది. బస్సులో మోయడానికి బరువని అసలు అడాప్టర్ హాస్టల్ రూంలో వదిలేసి వస్తారు. ఇంట్లో అన్న ఆఫీసు ల్యాప్‌టాప్ చార్జరో, పక్కింటివాళ్లదో పిన్ను సరిపోతే పెట్టేస్తారు. ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, చార్జింగ్ గుర్తు కూడా కనిపిస్తుంది. గేమ్ మొదలుపెట్టాక కథ మారిపోతుంది. కౌంటర్ దగ్గర మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

## "అన్నా, చార్జింగ్ పెట్టే ఆడుతున్న, అయినా బ్యాటరీ దిగిపోతుంది. బ్యాటరీ పోయిందా?"

చాలాసార్లు బ్యాటరీ బాగానే ఉంటుంది. అడాప్టర్ ఇచ్చే కరెంటు కన్నా గేమ్ నడిచేటప్పుడు ల్యాప్‌టాప్ తాగే కరెంటు ఎక్కువ కావడమే అసలు కారణం. తక్కువ పడినంత బ్యాటరీ నుంచి తీసుకుంటుంది. బోరు పోసే నీళ్ల కన్నా కింద నల్లాలు ఎక్కువ లాగితే, మోటార్ నడుస్తున్నా పైన ట్యాంకు ఖాళీ అవుతుంది కదా, ఇక్కడా అదే లెక్క.

ఇది పొరపాటున జరిగేది కాదు, ల్యాప్‌టాప్‌ను అలాగే తయారు చేస్తారు. మదర్‌బోర్డు మీద చార్జింగ్‌ను చూసుకునే చిప్ ఒకటి ఉంటుంది. అడాప్టర్ నుంచి వచ్చే కరెంటును అది ఎప్పుడూ కొలుస్తూనే ఉంటుంది. అడాప్టర్ హద్దు దగ్గరికి వచ్చిందంటే ముందు బ్యాటరీ చార్జింగ్ ఆపేస్తుంది. అప్పటికీ సరిపోకపోతే బ్యాటరీని కూడా తోడు పెట్టి, రెండింటి నుంచి ఒకేసారి కరెంటు లాగుతుంది. స్క్రీన్ మీద ప్లగ్ గుర్తు అలాగే ఉంటుంది, శాతం మాత్రం దిగుతుంటుంది.

## నా అడాప్టర్ ఎన్ని వాట్లదో ఎలా తెలుసుకోవాలి?

అడాప్టర్ వెనక లేబుల్ మీద OUTPUT అని రాసిన వరస చూడండి. INPUT వరస మీద ఉండే 100-240V అనేది గోడలో ఉన్న కరెంటు గురించి, మనకు దానితో పని లేదు. OUTPUT దగ్గర ఉన్న వోల్టులను, ఆంపియర్లను గుణిస్తే వాట్లు వస్తాయి. 20V, 11.5A అని ఉంటే 230 వాట్లు. 20V, 6A అయితే 120 వాట్లు. 20V, 3.25A అయితే 65 వాట్లు, అంటే మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్ చార్జర్.

ల్యాప్‌టాప్‌కు ఎంత కావాలో దాని కింది వైపు స్టిక్కర్ మీద ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లతో మామూలుగా 180, 200, 230, 240 వాట్ల అడాప్టర్లు వస్తాయి. పెద్ద మోడళ్లకు 280, 330 వాట్లవి కూడా ఉంటాయి. పిన్ను ఒకటే కదా అని పెట్టేయకండి. ఒకే కంపెనీ 65 వాట్ల చార్జర్‌కూ 230 వాట్ల దానికీ ఒకే పిన్ను పెట్టడం మామూలే.

## మొదటి గంట గేమ్ బాగానే ఆడుతుంది, తర్వాత ఒక్కసారిగా లాగ్ అవుతుంది. ఎందుకలా?

అన్నిటికన్నా ఎక్కువ మందిని తికమకపెట్టేది ఇదే, అందుకే దీన్ని లెక్కతో సహా చెప్తాను. మీ ల్యాప్‌టాప్ 230 వాట్ల అడాప్టర్‌తో వచ్చింది, లోపల 60 వాట్-అవర్ల బ్యాటరీ ఉంది అనుకుందాం. మీరు పెట్టింది 120 వాట్ల అడాప్టర్. కింద చెప్పే అంకెలు ఉదాహరణకే, మోడల్‌ను బట్టి మారతాయి. జరిగే తీరు మాత్రం ఇంతే.

గేమ్ పూర్తిగా నడిచేటప్పుడు గ్రాఫిక్స్ చిప్ 100 వాట్లు, ప్రాసెసర్ 45 వాట్లు అడుగుతాయి. స్క్రీన్, మెమరీ, ఫ్యాన్లు, లోపల వేడిగా పోయేది అన్నీ కలిపి ఇంకో 35. మొత్తం 180 వాట్లు. అడాప్టర్ ఇచ్చేది 120 కాబట్టి 60 వాట్లు తక్కువ పడతాయి.

ఆ 60 మొత్తం బ్యాటరీ నుంచే లాగితే గంటలో ఖాళీ అవుతుంది, సెల్స్ కూడా బాగా వేడెక్కుతాయి. అందుకని ఫర్మ్‌వేర్, అంటే మదర్‌బోర్డులోనే ఉండి ల్యాప్‌టాప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్, ఒక హద్దు పెట్టుకుంటుంది. బ్యాటరీ నుంచి 35 వాట్ల వరకే తీసుకుంటుంది అనుకోండి. అప్పుడు చేతిలో ఉన్నది 155 వాట్లు. మిగతా 25 వాట్ల కోత గ్రాఫిక్స్ చిప్ మీద పడి, అది 100 నుంచి 75 వాట్లకు దిగుతుంది. 90 ఫ్రేమ్‌లు వచ్చే చోట 75 నుంచి 80 వస్తాయి. ఆడేటోళ్లకు ఇది పెద్దగా తెలియదు. "బాగానే ఆడుతుంది" అని మీరు అనుకునే మొదటి గంట ఇదే. ఆ టైమంతా బ్యాటరీ నెమ్మదిగా కరుగుతూనే ఉంటుంది.

బ్యాటరీ ఒక స్థాయికి దిగాక ఫర్మ్‌వేర్ ఇక దాన్ని ముట్టుకోనివ్వదు. మన ఉదాహరణలో అది 30 శాతం అనుకుందాం. 100 నుంచి 30 దాకా అంటే 42 వాట్-అవర్లు. గంటకు 35 చొప్పున లాగితే దాదాపు గంటా పన్నెండు నిమిషాలు వస్తుంది. ఆ నిమిషం దాటగానే మొత్తం ల్యాప్‌టాప్ 120 వాట్లలోనే బతకాలి. ప్రాసెసర్‌ను 35కు, గ్రాఫిక్స్‌ను 50కి కుదిస్తుంది. ఫ్రేమ్‌లు ఒక్కసారిగా 45, 50కి పడిపోతాయి. గేమ్‌లో మీరు ఏ సెట్టింగ్ మార్చకపోయినా "ఇప్పటిదాకా బాగుండె, ఒక్కసారే ఏమైంది" అనిపించేది ఇక్కడే.

గేమ్ ఆపి, టీ తాగి వచ్చి, మళ్లీ మొదలుపెడితే కాసేపు బాగా నడవడానికి కూడా ఇదే కారణం. ఆ విరామంలో బ్యాటరీ కొంచెం ఎక్కింది, అది మళ్లీ కరిగేదాకా గేమ్ సాఫీగా నడుస్తుంది. వైరస్ అనో, విండోస్ అప్‌డేట్ పాడుచేసిందనో ఫార్మాట్ కొట్టించుకునేవాళ్లు ఉన్నారు. బ్యాటరీ శాతం ఎక్కడ ఉన్నప్పుడు లాగ్ మొదలవుతుందో రెండు సార్లు గమనించండి. రెండు సార్లూ దాదాపు అదే శాతం దగ్గర అయితే ఫార్మాట్‌తో పని లేదు, మీ సమస్య కరెంటుది.

## ఇది వేడి వల్ల కావచ్చు కదా? నల్లగొండ ఎండలు మామూలువి కావు.

కావచ్చు. మే నెలలో ఫ్యాన్ గాలి కూడా సెగలా ఉండే గదిలో ఏ గేమింగ్ ల్యాప్‌టాప్ అయినా వేడికి స్లో అవుతుంది. కానీ రెండింటినీ విడదీసి చూడొచ్చు. గేమ్ నడుస్తుండగా HWiNFO లాంటి టూల్‌లో ఉష్ణోగ్రత, వాట్లు రెండూ కలిపి చూడండి. ప్రాసెసర్ 95 డిగ్రీల పైన ఉండి స్పీడ్ తగ్గితే అది వేడి. 65, 70 డిగ్రీల దగ్గరే ఉండి కూడా వాట్లు, స్పీడ్ కలిసి పడిపోతే అది కరెంటు తక్కువై. కరెంటు కోత పడినప్పుడు ల్యాప్‌టాప్ నిజానికి చల్లబడుతుంది, ఫ్యాన్ల చప్పుడు కూడా తగ్గుతుంది. లాగ్ మొదలైన సమయానికి ఫ్యాన్లు నెమ్మదించాయంటే అడాప్టర్‌నే ముందు అనుమానించండి.

గ్రాఫిక్స్ కార్డు ఎన్విడియాది అయితే, కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది పెట్టి గేమ్ ఆడండి. రెండు సెకన్లకోసారి వాట్లు, క్లాక్, ఉష్ణోగ్రత ఒక వరసలో చూపిస్తుంది.

```
nvidia-smi --query-gpu=power.draw,clocks.gr,temperature.gpu --format=csv -l 2
```

## బ్యాటరీ నుంచి నిజంగా ఎంత పోతుందో కొలవొచ్చా?

కొలవొచ్చు, దానికి ఏ యాప్ కూడా అక్కర్లేదు. గేమ్‌ను విండోలో నడిపిస్తూ, పక్కన PowerShell ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది ఇవ్వండి.

```
Get-CimInstance -Namespace root/wmi -ClassName BatteryStatus |
  Select-Object PowerOnline, ChargeRate, DischargeRate
```

PowerOnline దగ్గర True ఉంటే అడాప్టర్ పెట్టి ఉన్నట్టు. అదే సమయంలో DischargeRate దగ్గర సున్నా కాకుండా 28000 అని కనిపిస్తే, అడాప్టర్ ఉండగానే బ్యాటరీ 28 వాట్లు ఇస్తోందన్నమాట. ఈ అంకె మిల్లీవాట్లలో ఉంటుంది, వెయ్యితో భాగించుకోండి. గేమ్ మూసేశాక మళ్లీ ఇదే కమాండ్ ఇస్తే DischargeRate సున్నాకు వచ్చి, ChargeRate లో అంకె పెరగాలి. అలా మారిందంటే బ్యాటరీ, చార్జింగ్ సర్క్యూట్ రెండూ బాగానే ఉన్నాయని, అడాప్టరే చాలడం లేదని అర్థం. మా దగ్గర మదర్‌బోర్డు మీద చేయి పెట్టేముందు చేసే మొదటి పరీక్ష ఇది.

## ల్యాప్‌టాప్‌కు అడాప్టర్ వాట్లు ఎలా తెలుస్తాయి?

రౌండ్ పిన్ను మధ్యలో సన్నటి సూది లాంటిది ఒకటి కనిపిస్తుంది కొన్ని కంపెనీల అడాప్టర్లలో. దాని పని కరెంటు ఇవ్వడం కాదు, గుర్తింపు చెప్పడం. డెల్ అడాప్టర్ లోపల చిన్న చిప్ ఉండి "నేను ఇన్ని వాట్లు" అని ఆ తీగ ద్వారా చెప్తుంది. లెనోవో చదరపు పిన్నులో రెసిస్టర్ విలువను బట్టి ల్యాప్‌టాప్ గుర్తుపడుతుంది. టైప్-సి లో అయితే రెండు వైపులా మాట్లాడుకుని ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అన్నది ఒప్పందం చేసుకుంటాయి.

అందుకే కొత్తగా పెట్టిన అడాప్టర్ తక్కువదైతే ఆన్ చేయగానే హెచ్చరిక వస్తుంది. డెల్‌లో The AC power adapter wattage and type cannot be determined అని కనిపిస్తే, వాట్లు తెలియలేదని అర్థం. చాలామంది దాన్ని చదవకుండానే ఎంటర్ కొట్టేస్తారు. దయచేసి చదవండి, సగం జవాబు అక్కడే ఉంటుంది.

ఇక్కడే ఇంకో చిక్కు కూడా ఉంది. అసలు అడాప్టరే వాడుతున్నా, ఆ మధ్య సూది వంగినా విరిగినా, వైరు మెడ దగ్గర లోపల తెగినా, ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టదు. అప్పుడు బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ గేమ్ లేకుండానే 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరో అంతకన్నా కిందో ఆగిపోతుంది, ఫోల్డర్ తెరవడానికి కూడా సతాయిస్తుంది. అడాప్టర్ తీసి బ్యాటరీ మీద నడిపితే స్పీడ్ పెరుగుతుంది. అలా జరిగిందంటే పిన్ను, వైరు చూపించుకోండి.

## మా ఊళ్లో సాయంత్రం వోల్టేజ్ పడిపోతుంది. అందుకే స్లో అవుతుందా?

బోరు మోటార్లు ఒకేసారి ఎత్తినప్పుడు లైట్లు డిమ్ అయ్యే ఊళ్ల నుంచి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ల్యాప్‌టాప్ అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా ఏదొచ్చినా అవుట్‌పుట్ అదే ఇచ్చేలా ఉంటుంది. గోడలో 170 వోల్టులు ఉన్నా 230 వాట్ల మంచి అడాప్టర్ 230 వాట్లే ఇస్తుంది. కాకపోతే గోడ నుంచి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. కాబట్టి వోల్టేజ్ తక్కువ కావడం గేమ్ స్లో అవడానికి కారణం కాదు. కరెంటు అదే పనిగా పోతూ వస్తూ ఉంటే మాత్రం స్టెబిలైజర్ గానీ యూపీఎస్ గానీ ఉండటం అడాప్టర్ ఆయుష్షుకు మంచిది.

## ఫోన్ ఫాస్ట్ చార్జర్ 80 వాట్లు అని రాసి ఉంది, టైప్-సి లో పెట్టొచ్చా?

పెట్టినా ఆ 80 ల్యాప్‌టాప్‌కు రావు. చాలా ఫోన్ కంపెనీల పెద్ద వాట్లు వాళ్ల సొంత పద్ధతిలో, వాళ్ల ఫోన్లకే ఇచ్చేవి. ల్యాప్‌టాప్‌కు సాధారణంగా పవర్ డెలివరీ పద్ధతిలో 20 వోల్టులు కావాలి. చార్జర్ లేబుల్ మీద 20V పక్కన ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూడండి. 20V వరసే లేకపోతే ల్యాప్‌టాప్ దాన్ని తీసుకోకపోవచ్చు, తీసుకున్నా నామమాత్రంగా.

అసలైన పవర్ డెలివరీ చార్జర్ అయినా 20 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు, అంటే 100 వాట్లు ఇవ్వాలంటే కేబుల్‌లో కూడా గుర్తింపు చిప్ ఉండాలి. మామూలు కేబుల్‌తో 60 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. చార్జర్ మంచిది కొని, డబ్బాలో పడి ఉన్న పాత కేబుల్ పెట్టి మోసపోయేవాళ్లు చాలామంది. 2021లో వచ్చిన కొత్త ప్రమాణం టైప్-సి మీద 240 వాట్ల దాకా అనుమతిస్తుంది కానీ, మీ ల్యాప్‌టాప్, చార్జర్, కేబుల్ మూడూ దానికి తగ్గవి అయితేనే. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లు టైప్-సి మీద 100 వాట్ల వరకే తీసుకుంటాయి. క్లాస్ నోట్స్‌కు, సినిమాకు, కోడింగ్‌కు అది చాలు. పెద్ద గేమ్‌కు చాలదు.

## తక్కువ వాట్ల అడాప్టర్ పెడితే ల్యాప్‌టాప్ పాడవుతుందా?

వోల్టులు సరిపోయి, అడాప్టర్ మంచిదైతే ఒకటి రెండు రోజులకు ల్యాప్‌టాప్‌కు ఏమీ కాదు. ఇబ్బంది అడాప్టర్‌కూ బ్యాటరీకీ. అడాప్టర్ గంటల తరబడి తన హద్దు మీదే పనిచేస్తుంది, చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. హద్దు దాటితే లోపలి రక్షణ దాన్ని ఆపేస్తుంది. అప్పుడు చార్జింగ్ లైట్ ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, స్క్రీన్ వెలుతురు కూడా దానితో పాటు పెరిగి తగ్గుతుంది. అది కనిపిస్తే వెంటనే గేమ్ ఆపేయండి. రోజూ ఇలాగే ఆడితే బ్యాటరీ వేడిలో దిగుతూ ఎక్కుతూ త్వరగా అరుగుతుంది.

వోల్టులు తేడా ఉన్న అడాప్టర్ మాత్రం పెట్టకండి. 19.5, 20 మధ్య తేడా మామూలుగా ఇబ్బంది పెట్టదు. 12కూ 20కీ మధ్య పెడుతుంది.

## వీడియోల్లో BD PROCHOT తీసేస్తే స్పీడ్ వస్తుందంటున్నారు. చేయొచ్చా?

తక్కువ అడాప్టర్ ఉన్నప్పుడు చేయకండి. "కరెంటు చాలడం లేదు, తగ్గు" అని మదర్‌బోర్డు ప్రాసెసర్‌కు చెప్పే సంకేతం అది. ThrottleStop అనే టూల్‌లో ఆ టిక్ తీసేస్తే ప్రాసెసర్ ఆ మాట వినడం మానేస్తుంది. వాట్లు మాత్రం ఎక్కడి నుంచీ పుట్టుకురావు. భారమంతా అడాప్టర్ మీద, బ్యాటరీ మీద పడి, అడాప్టర్ ట్రిప్ అవుతుంది, లేదంటే గేమ్ మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోతుంది. ఈ సంకేతం తప్పుగా వస్తోందని సర్వీస్ వాళ్లు పరీక్షించి చెప్తే అది వేరే సంగతి.

## అసలు అడాప్టర్ వచ్చేదాకా పండగ వారం ఎలా నెట్టుకురావాలి?

గేమ్ అడిగే వాట్లను అడాప్టర్ ఇచ్చే లోపలికి మీరే దించండి. ల్యాప్‌టాప్ తనంతట తాను కోసేదాకా ఆగితే కోత ఎగుడుదిగుడుగా ఉంటుంది. మీరే ముందు తగ్గిస్తే ఫ్రేమ్‌లు తక్కువైనా నిలకడగా వస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఫ్రేమ్‌లకు హద్దు పెట్టడం. NVIDIA Control Panel లో Max Frame Rate ను 60 చేయండి, లేదా ఇంకా తక్కువ. తర్వాత కంపెనీ యాప్‌లో టర్బో మోడ్ నుంచి సైలెంట్ మోడ్‌కు మార్చండి. అప్పటికీ బ్యాటరీ దిగుతుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ రెండు వరసలు ఇచ్చి ప్రాసెసర్ టర్బో ఆపండి:

```
powercfg /setacvalueindex SCHEME_CURRENT SUB_PROCESSOR PROCTHROTTLEMAX 99
powercfg /setactive SCHEME_CURRENT
```

అసలు అడాప్టర్ వచ్చాక 99 స్థానంలో 100 పెట్టి ఈ రెండు వరసలే మళ్లీ ఇవ్వండి. ప్రతి మార్పు తర్వాత పైన చెప్పిన DischargeRate చూడండి. అది సున్నాకు చేరిన చోట ఆగండి. 120 వాట్ల అడాప్టర్‌తో ఇలా హాయిగా ఆడుకోవచ్చు. 65 వాట్ల దానితో పెద్ద గేమ్‌ల ఆశ వదులుకోవడమే మంచిది. ల్యాప్‌టాప్ మూసి పెట్టి చార్జ్ చేసుకోవడానికి పనికొస్తుంది, అది కూడా ఆ మోడల్ ఒప్పుకుంటే.

## అసలు అడాప్టరే పెట్టినా రెండు మూడు శాతం దిగుతోంది. లోపమా?

టర్బో మోడ్‌లో, బరువైన గేమ్‌లో రెండు మూడు గంటలకు అంత దిగితే లోపం కాకపోవచ్చు. కొన్ని మోడళ్లు క్షణకాలపు పీక్‌లకు బ్యాటరీ సాయం తీసుకునేలానే తయారవుతాయి. గంటకు పది, పదిహేను శాతం దిగితే మాత్రం అడాప్టర్‌ను పరీక్షించాలి. 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగిపోతే, అది బ్యాటరీ కాపాడే సెట్టింగ్ అయి ఉంటుంది, ముందు కంపెనీ యాప్‌లో చూడండి.

ఉబ్బిన బ్యాటరీని తీసేసి అడాప్టర్ మీదే నడిపేవాళ్లకు ఇంకో మాట. పీక్ వచ్చినప్పుడు ఆదుకునే తోడు లేదు కాబట్టి చాలా మోడళ్లు సరైన అడాప్టర్ ఉన్నా స్పీడ్ తగ్గించేస్తాయి, కొన్ని ఆగిపోతాయి కూడా.

## కొత్తది కొనాలంటే ఏం చూసి కొనాలి?

వోల్టులు అవే, వాట్లు అంతే లేదా ఎక్కువ, పిన్ను అదే, ల్యాప్‌టాప్ గుర్తుపట్టేది. 230 అడిగే దానికి 280 పెట్టినా నష్టం లేదు, ల్యాప్‌టాప్ తనకు కావలసినంతే తీసుకుంటుంది.

లేబుల్‌నే నమ్మకండి. BIS గుర్తు, R- తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయా చూడండి. ల్యాప్‌టాప్‌కు వెళ్లే వైరు మందం చూడండి. 230 వాట్లంటే ఆ వైరులో 11 ఆంపియర్ల పైనే పారుతుంది. చౌక వైరు మొత్తం నిరోధం 0.1 ఓమ్ ఉన్నా, 10 ఆంపియర్ల దగ్గరే ఒక వోల్టు తగ్గి, 10 వాట్లు వైరులోనే వేడిగా పోతాయి. గేమ్ ఆడుతుండగా వైరు వేడిగా తగిలితే అది వద్దు.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో దొరక్కపోతే సికింద్రాబాద్ సీటీసీలో దొరుకుతుంది. ఎక్కడ కొన్నా ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. బ్యాటరీ 50 శాతం దగ్గర ఉంచి, షాపులోనే పెట్టి, ఇరవై నిమిషాలు గేమ్ గానీ బెంచ్‌మార్క్ గానీ నడిపించండి. హెచ్చరిక రాకుండా, శాతం దిగకుండా, అడాప్టర్ చేయి పెట్టగలిగినంత వేడిలోనే ఉంటే డబ్బులు ఇవ్వండి. దానికి ఒప్పుకోని షాపులో కొనకండి.